రూమ్ కూలర్ థర్మోస్టాట్‌లో రిలే టకటక: ఒక డిగ్రీ ఎడంతో ఆగిన కేసు

వచ్చిన ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: కూలర్ ఆగడం లేదు. థర్మోస్టాట్ నాబ్ ఎటు తిప్పినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ప్లగ్ పీకితేనే ఆగుతోంది. దానికి ముందు రెండు వారాలుగా కంట్రోల్ పెట్టెలోంచి టకటకమని చప్పుడు వచ్చేదని, దాన్ని ఎవరూ పట్టించుకోలేదని తెలిసింది. కేసు మొత్తం ఆ చప్పుడులోనే ఉంది. ఫ్యాన్ ఆగకపోవడం దాని చివరి ఫలితం.

యూనిట్ మామూలుదే. తడి ప్యాడ్ మీదుగా గాలిని లాగే రూమ్ కూలర్. ఫ్యాన్ మోటారు 180 వాట్లు, నీటి పంపు 20 వాట్లు, సరఫరా 230 వోల్టులు. రెండూ ఒకే రిలే మీద నడుస్తాయి. రిలే 5 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న నీలం డబ్బా రకం, కాంటాక్ట్‌ల మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది. ఉష్ణోగ్రత చూసేది వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టర్, బీటా విలువ 3950. దానికి పైన మరో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ 5 వోల్టులకు, కింద థర్మిస్టర్ గ్రౌండ్‌కు. ఈ డివైడర్ మధ్య వోల్టేజీని మైక్రోకంట్రోలర్ 10 బిట్ల ఏడీసీతో 0 నుంచి 1023 వరకు కౌంట్లుగా చదువుతుంది. గది 28 డిగ్రీల దగ్గర ఉండాలి. నాబ్ 28 దగ్గర ఉన్నప్పుడు ప్రోగ్రాంలో నిర్ణయం తీసుకునే భాగం సారాంశం ఇంతే:

```
float t = readTemp();
if (t > 28.0) digitalWrite(RELAY, HIGH);
else          digitalWrite(RELAY, LOW);
delay(200);
```

చదవడానికి తప్పేమీ కనపడదు. 28 దాటితే వెయ్యి, లేకపోతే ఆపు. మొదటిసారి థర్మోస్టాట్ రాసే ప్రతివారూ దాదాపు ఇలాగే రాస్తారు, బల్ల మీద పరీక్షిస్తే పని చేస్తుంది కూడా. థర్మిస్టర్‌ను వేళ్ల మధ్య పట్టుకుంటే రిలే పడి కాంటాక్ట్‌లు మూసుకుంటాయి, వదిలేస్తే కాసేపటికి లేచి తెరుచుకుంటాయి. వేళ్ల వేడి 28 గీతను ఒక్క దూకులో దాటిస్తుంది కాబట్టి లోపం బయటపడదు. గదిలో గాలి అలా దూకదు. నిమిషానికి డిగ్రీలో పదో వంతు చొప్పున గీత దగ్గరకు జరుగుతుంది, అక్కడే చాలాసేపు తచ్చాడుతుంది.

రిలే డబ్బా కోసి చూస్తే

పాడైన రిలేను తీసేసి ప్లాస్టిక్ మూత కోసి చూశాం. కాయిల్‌కు కరెంటు లేకపోయినా రెండు కాంటాక్ట్ బిళ్ళలు అతుక్కునే ఉన్నాయి. గోటితో మీటితే చిన్న టక్కుమనే చప్పుడుతో విడిపోయాయి. విడిపోయిన చోట ఒక బిళ్ళ మీద గుంట, ఎదురుగా ఉన్న దాని మీద అంతే సైజులో మొటిమ. మూత లోపలి గోడకు నల్లటి మసి పట్టి ఉంది. ఓమ్ మీటర్ పెట్టనక్కర లేకుండానే కథ తెలుస్తుంది: ఈ కాంటాక్ట్‌లు లెక్కలేనన్ని సార్లు నిప్పురవ్వలు చూశాయి.

రిలేకు రెండు వేళల్లో దెబ్బ తగులుతుంది. మూసుకునేటప్పుడు బిళ్ళలు ఒక్కసారి తగిలి ఊరుకోవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరి ఎగిరి తగులుతాయి. ఆ ఎగిరే ప్రతిసారీ చిన్న ఆర్క్ పుట్టి లోహం కరుగుతుంది, కరిగి ఉండగానే రెండూ మళ్లీ నొక్కుకుంటే అతుకు పడుతుంది. తెరుచుకునేటప్పుడు మోటారు వైండింగ్ తనలోని కరెంటును అప్పటికప్పుడు వదలదు, విడిపోతున్న బిళ్ళల మధ్య గాలిలోంచే ఆర్క్‌గా లాగుతుంది. డబ్బా మీది 10 ఆంపియర్లు హీటర్ లాంటి నిరోధక లోడుకు చెప్పిన సంఖ్య, మోటారుకు కాదు. ఇక్కడ మోటారు తీసుకునేది ఒక ఆంపియర్ లోపే కాబట్టి రిలే ఎంపికను తప్పు పట్టలేం. తప్పు కరెంటు పరిమాణంలో లేదు, మూసి తెరిచిన సార్లలో ఉంది.

ఈ తరహా రిలేలకు డేటాషీట్లలో రెండు ఆయుష్షులు ఇస్తారు. లోడు లేకుండా, కేవలం యాంత్రికంగా అయితే 1 కోటి సార్లు. పూర్తి లోడుతో అయితే 1 లక్ష సార్లు. రెండింటి మధ్య వంద రెట్ల తేడా ఉంది. ఆ తేడా అంతా ఆర్క్ తినేసిందే. స్ప్రింగు అరగక ముందే బిళ్ళలు పోతాయి.

లెక్క పెట్టాం

కొత్త రిలే వేసి, కూలర్‌ను అదే గదిలో, అదే ప్రోగ్రాంతో నడిపి, రిలే మారిన ప్రతిసారీ సీరియల్ పోర్టుకు ఒక లైను పంపేలా చేశాం. గది 28 డిగ్రీలకు చేరే వరకు రిలే నిశ్శబ్దంగా పట్టుకునే ఉంది. చేరాక మొదలైంది. 10 నిమిషాల్లో 640 సార్లు వేసి ఆపింది. అంటే నిమిషానికి 64.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. గీత దాటేటప్పుడు కాసేపు కొట్టుకుంటే కొట్టుకుంటుంది, దాటాక ఆగిపోవాలి కదా? ఆగదు. ఇది ఈ కేసులో అసలు గ్రహించాల్సిన విషయం. రిలే పడితే గది చల్లబడుతుంది, లేస్తే వేడెక్కుతుంది. సెకనుకోసారి పడుతూ లేస్తూ ఉంటే ఫ్యాన్ పూర్తిగా ఆగేంత సమయం ఉండదు, సగం బలంతో తిరుగుతూ ఉంటుంది. ఆ సగం బలం గదిలోకి వచ్చే వేడికి సరిగ్గా సరిపోయే చోట ఉష్ణోగ్రత నిలబడిపోతుంది. ఆ చోటు కచ్చితంగా 28 గీత మీదే. కంట్రోలే గదిని గీత మీద కట్టేసి ఉంచుతుంది. కాబట్టి టకటక గీత దాటేటప్పుడు వచ్చి పోయే ఇబ్బంది కాదు, ఆ ప్రోగ్రాంకు అది స్థిరమైన స్థితి. బయట ఎండ తగ్గేవరకు, గంటల తరబడి అలాగే సాగుతుంది.

రోజుకు 6 గంటలు గీత మీద ఉంటుందనుకుంటే గంటకు 3,840 చొప్పున రోజుకు 23 వేల సార్లు. డేటాషీట్ చెప్పిన లక్ష 5 రోజులు తిరగకుండానే అయిపోతుంది. లోడు 10 ఆంపియర్లకు చాలా తక్కువ కాబట్టి ఈ రిలే అంతకన్నా ఎక్కువే ఓర్చుకుంది, రెండు వారాల్లో 3 లక్షలు దాటాక అతుక్కుంది. లెక్కా, కోసి చూసిన బిళ్ళలూ ఒకే మాట చెబుతున్నాయి.

సిగ్నల్‌ను కుదిపేది ఎవరు

28 డిగ్రీల దగ్గర ఈ థర్మిస్టర్ నిరోధం సుమారు 8,760 ఓమ్‌లు. పై రెసిస్టర్‌తో కలిపి చూస్తే ఒక డిగ్రీ మార్పుకు ఏడీసీలో 11 కౌంట్లు కదులుతాయి. కౌంటుకు 0.09 డిగ్రీ. గది నిజంగా 0.09 డిగ్రీ కదలడానికి దాదాపు అర నిమిషమైనా పడుతుంది. మరి కౌంటు సెకనుకు రెండు మూడు సార్లు అటూ ఇటూ ఎలా దూకుతోంది? దీనికి సమాధానం కోసం భాగాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి. ఊహించి కెపాసిటర్లు అతికించడం కన్నా ఈ పద్ధతే తొందరగా తేలుతుంది.

ముందు మెయిన్స్ ఆపి, మోటారు, పంపు వైర్లు రిలే నుంచి విప్పేశాం. రిలే మాత్రం ఉంది. థర్మిస్టర్‌ను కప్పులోని గోరువెచ్చటి నీళ్లలో, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నీళ్లు మెల్లగా 28 వైపు చల్లారేలా వదిలాం. ముడి కౌంట్లను చూస్తే కుదుపు తగ్గింది, కానీ గీత దగ్గర రిలే ఇంకా కొట్టుకుంది. తరువాత రిలే మాడ్యూల్‌ను కూడా పీకి, అదే పిన్నుకు ఒక ఎల్ఈడీ పెట్టాం. ఎల్ఈడీ గీత దగ్గర కొద్దిసార్లు మిణుకుమని ఆగిపోయింది. అంటే కుదుపుకు రెండు మూలాలు: ఒకటి మోటారు, రెండోది రిలే కాయిలే.

మోటారు సంగతి సులువు. థర్మిస్టర్ వైరు మీటరున్నర పొడవు, మోటారు వైరుతో కలిపి ఒకే కట్టగా టై కట్టి ఉంది. 50 హెర్ట్జ్ హమ్ దానిలోకి ఎక్కి, ముడి రీడింగు అటు 3, ఇటు 3 కౌంట్లు ఊగింది. అంటే అటూ ఇటూ 0.27 డిగ్రీ.

కాయిల్ సంగతి ఆసక్తిగా ఉంటుంది, దీన్ని నిదానంగా చూడాలి. రిలే కాయిల్ నిరోధం 70 ఓమ్‌లు, 5 వోల్టులకు 71 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. మాడ్యూల్ మీది ఎల్ఈడీతో కలిపి 75 అనుకోండి. ఆ కరెంటు తిరిగి వచ్చే గ్రౌండ్ వైరునే థర్మిస్టర్ కింది కాలు కూడా పంచుకుంటోంది. సన్నటి జంపర్ వైరు, దాని రెండు చివర్ల వదులు పిన్నులు కలిసి 0.3 ఓమ్ దాకా ఉన్నాయి. రిలే పడగానే ఆ 0.3 ఓమ్ మీద 22 మిల్లీవోల్టులు పుడతాయి. థర్మిస్టర్ కాలు అంత మేర పైకి లేస్తుంది, డివైడర్ మధ్యలో సుమారు 12 మిల్లీవోల్టులు పెరుగుతాయి, అది రెండున్నర కౌంట్లు. ఎన్‌టీసీ కింద ఉంది కాబట్టి వోల్టేజీ పెరగడం అంటే ప్రోగ్రాంకు చల్లబడినట్టు కనిపించడం. అంటే రిలే పడిన మరుక్షణం గది 0.2 డిగ్రీకి పైగా చల్లబడిందని ప్రోగ్రాం నమ్ముతుంది. వెంటనే రిలేను వదిలేస్తుంది. వదలగానే ఆ 22 మిల్లీవోల్టులు మాయమవుతాయి, గది మళ్లీ వేడెక్కినట్టు కనిపిస్తుంది, రిలే మళ్లీ పడుతుంది. ఎవరి ప్రమేయమూ లేకుండా ఇది తనంతట తాను కొట్టుకునే గంటలా తయారైంది. గది ఉష్ణోగ్రతతో దీనికి దాదాపు సంబంధం లేదు.

కాయిల్ వల్ల వచ్చే టకటకను గుర్తుపట్టడం తేలికే. మోటారు నాయిస్ వల్ల అయితే చప్పుడు ఎడాపెడా వస్తుంది, గాలికి తలుపు కొట్టుకున్నట్టు. కాయిల్ వల్ల అయితే గడియారంలా సమంగా వస్తుంది, రెండు రీడింగుల మధ్య విరామంతో సరిగ్గా సరిపోతుంది. `delay(200)` ను `delay(1000)` చేసి చూస్తే చప్పుడు వేగం కూడా అదే లెక్కన తగ్గుతుంది.

సగటు తీస్తే సరిపోదా

మొదట అందరికీ తోచే మందు ఇదే, ఈ కేసులోనూ మొదట అదే వేశాం. 1.25 మిల్లీసెకన్ల ఎడంతో 16 రీడింగులు తీసి సగటు కట్టాం. 16 సార్లు 1.25 అంటే 20 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్‌లో సరిగ్గా ఒక చక్రం. హమ్ పైకెంత ఊగిందో కిందికంత ఊగి కొట్టుకుపోతుంది. ముడి ఊగు అటూ ఇటూ 3 కౌంట్ల నుంచి ఒక కౌంటు లోపుకు వచ్చింది. రిలే లెక్క నిమిషానికి 64 నుంచి 20కి తగ్గింది. ఆగలేదు.

తరువాత గ్రౌండ్‌ను సరిచేశాం. రిలే మాడ్యూల్‌కు 5 వోల్టులు, గ్రౌండ్ రెండూ పవర్ సప్లై దగ్గర నుంచే విడిగా లాగి, థర్మిస్టర్ కాలును మైక్రోకంట్రోలర్ గ్రౌండ్ పిన్నుకే నేరుగా తెచ్చాం. రెండు గ్రౌండ్‌లు సప్లై దగ్గర ఒక్కచోటే కలుస్తాయి. థర్మిస్టర్ వైరును పెనవేసి మోటారు కట్టలోంచి బయటకు తీశాం. నిమిషానికి 20 కాస్తా 9కి వచ్చింది. అప్పటికీ ఆగలేదు.

ఎందుకు ఆగలేదో అర్థమైతే, ఒక గీతకు బదులు రెండు పెట్టే హిస్టెరిసిస్ ఎందుకో దానంతట అదే అర్థమవుతుంది. నాయిస్‌ను ఎంత తగ్గించినా సున్నా కాదు. మిగిలింది అర కౌంటే కావచ్చు. కానీ పైన చెప్పినట్టు కంట్రోలే గదిని గీత మీద నిలబెడుతోంది. గీత మీద నిలబడిన సిగ్నల్‌ను అటో ఇటో తోయడానికి అర కౌంటు చాలు. ఫిల్టర్ చప్పుడు వేగాన్ని తగ్గిస్తుంది, కారణాన్ని తీసెయ్యదు. ఒకే గీత ఉన్నంతకాలం ఆ గీత మీద నిర్ణయానికి స్థిరత్వం ఉండదు.

రెండు గీతలు, ఒక జ్ఞాపకం

హిస్టెరిసిస్ అంటే ఒక గీతను రెండుగా చీల్చడం. పై గీత దాటితేనే వెయ్యాలి, కింది గీత దాటితేనే ఆపాలి, రెండింటి మధ్య ఉన్నప్పుడు ఇంతకు ముందు ఏ స్థితిలో ఉందో అందులోనే ఉంచాలి. ఆ మూడో మాటే ప్రాణం. మధ్యలో ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి నిర్ణయం చెప్పలేం, ముందు ఏం జరిగిందో గుర్తుండాలి.

```
const float ON_T  = 28.5;
const float OFF_T = 27.5;
bool cooling = false;

void control(float t) {
  if (!cooling && t >= ON_T)      cooling = true;
  else if (cooling && t <= OFF_T) cooling = false;
  digitalWrite(RELAY, cooling ? HIGH : LOW);
}
```

రిలే పడిన మరుక్షణం కాయిల్ వల్ల 0.2 డిగ్రీ చల్లబడినట్టు కనిపించినా ఏమీ కాదు. 28.5 దగ్గర వేసింది 28.3 చూసి ఆపదు, 27.5 చూడాలి. నాయిస్ ఒక గీత దగ్గర ఎంత ఊగినా రెండో గీతను అందుకోలేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, రిలే కాయిల్‌లోనే ఉంది. 5 వోల్టుల రిలే పడడానికి 3.75 వోల్టుల దాకా కావాలి, పడ్డాక మాత్రం బాగా కిందికి దించితే తప్ప వదలదు. వదిలి తీరాల్సిన హద్దు డేటాషీట్‌లో 0.5 వోల్టు. ఆర్మేచర్ దగ్గరకు వచ్చాక అయస్కాంతం పట్టు బిగుస్తుంది కాబట్టి ఆ ఎడం. పాత బైమెటల్ థర్మోస్టాట్‌లో పెట్టే చిన్న అయస్కాంతం చేసేదీ అదే: పట్టి వంగకుండా చివరి వరకు ఆపి, ఒక్కసారిగా వదులుతుంది. ప్రోగ్రాంలో థర్మోస్టాట్ రాసేటప్పుడు ఆ అయస్కాంతం మనకు ఉచితంగా రాదు, రాసుకోవాలి.

రాయడంలో తరచూ జరిగే తప్పులు రెండు. ఒకటి, `if (t > 28.5)` అని రాసి కింద `else` తో ఆపేయడం. అప్పుడు గీత 28 నుంచి 28.5కు జరిగిందే తప్ప రెండు కాలేదు. రెండోది, `cooling` ను `loop()` లోపల మామూలు వేరియబుల్‌గా ప్రకటించడం. ప్రతి చుట్టులోనూ అది `false` అయిపోతుంది, జ్ఞాపకం ఉండదు, మళ్లీ ఒకే గీత మిగులుతుంది. పైకి కోడ్‌లో రెండు సంఖ్యలూ కనపడతాయి కాబట్టి ఈ తప్పును పట్టుకోవడం ఆలస్యమవుతుంది. ఇంకో మాట: చాలా రిలే మాడ్యూళ్లు `LOW` ఇస్తే పడతాయి. అలాంటిదైతే చివరి లైనులో `HIGH`, `LOW` తారుమారు చేయాలి.

ఒక డిగ్రీ ఎలా వచ్చింది

ఎడాన్ని అలవాటు కొద్దీ పెట్టకూడదు. దానికి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు ఉంటాయి.

కింది హద్దు నాయిస్‌ది. ఈ యూనిట్‌లో మరమ్మతుకు ముందున్న చెత్త పరిస్థితి తీసుకుంటే, హమ్ అటు చివర నుంచి ఇటు చివరకు 0.54 డిగ్రీ, కాయిల్ తోపు సుమారు 0.22. రెండూ కలిసి 0.76. వైరింగు రేపు మళ్లీ పాడైనా రిలే బతకాలంటే ఎడం దీనికన్నా ఎక్కువ ఉండాలి. 0.5 పెట్టి ఉంటే ఇవాళ పని చేసేది, ఒక పిన్ను వదులైన రోజు మళ్లీ కొట్టుకునేది.

పై హద్దు మనుషులది, గదిది. రిలే ఎంత తరచుగా మారుతుందో ఇలా అంచనా వేయొచ్చు: ఎడాన్ని గది వేడెక్కే వేగంతో భాగించండి, మళ్లీ అదే ఎడాన్ని చల్లబడే వేగంతో భాగించండి, రెండూ కలపండి. ఈ గది కూలర్ ఆపితే నిమిషానికి 0.12 డిగ్రీ వేడెక్కింది, వేస్తే 0.20 డిగ్రీ చల్లబడింది. ఒక డిగ్రీ ఎడానికి 8.3 నిమిషాలు ఆగి, 5 నిమిషాలు నడవాలి. చక్రం 13 నిమిషాలు. 3 డిగ్రీలు పెడితే చక్రం 40 నిమిషాలవుతుంది, రిలేకు ఇంకా సుఖమే కానీ గదిలో ఉన్నవాళ్లకు కాసేపు చెమట, కాసేపు చలి.

కోడ్ మార్చి లాగ్ తీస్తే చక్రం 13 కాదు, 17 నిమిషాలు వచ్చింది. ఆ తేడా వెనక కారణముంది. థర్మిస్టర్ ప్లాస్టిక్ పెట్టెలో ఉంది, గది మారిన కాసేపటికి గానీ దానికి తెలియదు. పైగా మోటారు ఆగినా ప్యాడ్ తడిగానే ఉండి పక్కనున్న గాలిని ఇంకాస్త చల్లబరుస్తుంది. దాంతో గది నిజంగా 28.6 నుంచి 27.3 దాకా ఊగింది, అంటే 1.3 డిగ్రీ. 1.3ను అవే వేగాలతో భాగిస్తే 17 నిమిషాలే వస్తుంది. కాబట్టి గదిలో ఒక డిగ్రీ ఊగు చాలనుకుంటే ప్రోగ్రాంలో ఎడం అంతకన్నా తక్కువ పెట్టుకోవాలి, నాయిస్ హద్దు కిందికి పోకుండా.

అదే 6 గంటలకు ఇప్పుడు రిలే 21 సార్లు పడుతోంది, ముందు 23 వేల సార్లు పడేది. డేటాషీట్ లక్షను 21తో భాగిస్తే 4,700 రోజులకు పైమాటే.

తడి ప్యాడ్ కూలర్‌కు మాత్రమే ఉన్న ఒక చిక్కు ఇక్కడ చెప్పాలి. కింది గీత కూలర్ అందుకోగలిగేదై ఉండాలి. బయటి గాలి 34 డిగ్రీలు, నీరు ఆవిరవుతూ ఆ గాలిని దించగలిగే కనిష్ఠం, అంటే తడి బల్బు ఉష్ణోగ్రత, 25 అనుకుందాం. ప్యాడ్ 70 శాతం పని చేస్తే బయటకు వచ్చే గాలి 34 నుంచి 9లో 70 శాతం తగ్గి 27.7 ఉంటుంది. ఆ గాలితో గది 27.5కు ఎప్పటికీ రాదు. కింది గీత తగలదు, కూలర్ ఆగదు, రిలే మాత్రం క్షేమంగా ఉంటుంది. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో "థర్మోస్టాట్ ఆపడం లేదు" అనే ఫిర్యాదు వస్తే రిలే అతుక్కుందని విప్పే ముందు ఇది చూడాలి. సెట్ పాయింట్ నాబ్‌ను రెండు డిగ్రీలు పైకి తిప్పితే రిలే వదిలిందా, అది బాగున్నట్టే.

హిస్టెరిసిస్ ఆపలేని టకటక

టకటక అంటే ప్రతిసారీ ఇదే కారణం కాదు. రిలే పడగానే 5 వోల్టుల సప్లై కుంగిపోయి మైక్రోకంట్రోలరే రీసెట్ అయ్యే కేసులు ఉంటాయి. అది మళ్లీ లేస్తుంది, ఉష్ణోగ్రత పై గీత పైన ఉందని చూస్తుంది, రిలేను వేస్తుంది, మళ్లీ రీసెట్. రీసెట్ అయ్యాక `cooling` విలువ పోతుంది కాబట్టి రెండు గీతలు ఉన్నా లాభం లేదు. దీన్ని కనిపెట్టాలంటే `setup()` లో ఒక లైను ప్రింట్ చేయించండి. టక్కుమన్న ప్రతిసారీ ఆ లైను కనిపిస్తే అది రీసెట్. మందు ప్రోగ్రాంలో లేదు: సరిపడే సప్లై, రిలే దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉందో లేదో చూసుకోవడం.

మరొకటి సెన్సర్ చోటు. థర్మిస్టర్ కూలర్ గాలి నేరుగా తగిలే చోట ఉంటే, వేసిన నిమిషంలోనే అది కింది గీత చూస్తుంది, ఆపిన నిమిషంలోనే పై గీత చూస్తుంది. ఒక డిగ్రీ ఎడం ఉన్నా నిమిషానికోసారి మారుతుంది, గది చల్లబడదు. ఎడం పెంచడం దీనికి పరిష్కారం కాదు. సెన్సర్‌ను గాలి వచ్చే వైపు నుంచి తీసి, గది గాలి మామూలుగా తిరిగే చోట, తడి ప్యాడ్‌కు తగలకుండా పెట్టాలి.

రెండు నిమిషాల లోపు రిలే స్థితి మారకూడదని టైమరు పెట్టడం కూడా ఒక పద్ధతి. ఒక్కటే వాడితే అది చక్రాన్ని 4 నిమిషాలకు తెస్తుంది, గంటకు 15 సార్లు. హిస్టెరిసిస్‌తో కలిపి వాడితే మంచి కాపలా. సెన్సర్ వైరు తెగి రీడింగు పిచ్చిగా ఊగినప్పుడు రిలేను కాపాడేది ఎడం కాదు, ఆ టైమరే. ఈ యూనిట్‌లో అది కూడా చేర్చాం.

మైక్రోకంట్రోలర్ లేకుండా ఎల్‌ఎం393 కంపారేటర్‌తో చేస్తే

అక్కడ జ్ఞాపకం పని ఒక రెసిస్టర్ చేస్తుంది. ఇదే డివైడర్‌కు ఒక డిగ్రీ అంటే 54 మిల్లీవోల్టులు. థర్మిస్టర్ వోల్టేజీ మైనస్ ఇన్‌పుట్‌కు, సెట్ పాయింట్ పాట్ నడిమి కాలు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా ప్లస్ ఇన్‌పుట్‌కు, ఔట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు 1 మెగా ఓమ్. ఔట్‌పుట్ పూర్తిగా 5 వోల్టులు ఊగితే ఎడం 50 మిల్లీవోల్టులు, డిగ్రీకి కొద్దిగా తక్కువ. రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది. పాట్ 10 కిలో ఓమ్‌లదైతే నడిమి స్థానంలో అది ఇంకో రెండున్నర కిలో ఓమ్‌లు కలుపుతుంది, ఎడం 60 దాటుతుంది. రెండోది, రిలే ట్రాన్సిస్టర్ బేస్ ఈ ఔట్‌పుట్‌కే వేలాడుతుంటే పుల్ అప్ రెసిస్టర్ దాన్ని 5 వోల్టులకు లేపలేదు. ఊగు 2 వోల్టులకే పరిమితమైతే ఎడం 20 మిల్లీవోల్టులకు పడిపోతుంది, మళ్లీ టకటక. మీటర్ పెట్టి ఔట్‌పుట్ పై వోల్టేజీ కొలిచాకే ఆ 1 మెగా ఓమ్‌ను ఖాయం చేయాలి.

అప్పగించే ముందు

అతుక్కున్న రిలేను గీకి మళ్లీ వాడలేదు, మార్చాం. గుంట పడిన బిళ్ళ బయటకు శుభ్రంగా కనిపించినా నిరోధం పెరిగి వేడెక్కుతుంది. కాంటాక్ట్‌లకు అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్‌ను సిరీస్‌లో కలిపి స్నబ్బర్ పెట్టాం. తెరుచుకునేటప్పటి ఆర్క్‌ను అది తగ్గిస్తుంది, మారే సార్లను తగ్గించదు. స్నబ్బర్ ఉన్నాక రిలే తెరిచి ఉన్నా మోటారు వైరులోకి 7 మిల్లీ ఆంపియర్ల దాకా కారుతుంది, కాబట్టి మోటారు మీద చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకడం తప్పనిసరి. పంపు కూడా అదే వైరు మీద ఉంది.

ఆఖరి పరీక్ష వేళ్లతో చేయలేదు. సంచిలో చుట్టిన థర్మిస్టర్‌ను నీళ్ల కప్పులో పెట్టి, మోటారు నిజంగా నడుస్తుండగా, నీటిని 29 నుంచి 27కు అరగంట పట్టేలా చల్లార్చి, తిరిగి అంతే మెల్లగా 29కు వేడెక్కించాం. దిగేటప్పుడు రిలే 27.5 దగ్గర ఒక్కసారి లేచింది. ఎక్కేటప్పుడు 28.5 దగ్గర ఒక్కసారి పడింది. లాగ్‌లో రెండే లైన్లు.